దాల్మా గిన్నెలో ప్రోటీన్ ఎంత? 100 గ్రాముల విలువల నుంచి వంటకం మొత్తం లెక్కగట్టే షీట్: తరచుగా అడిగే ప్రశ్నలు

మాది రాయగడ. ఇంట్లో తెలుగు, గడప దాటితే ఒడియా. వంటింట్లో రెండూ కలిసిపోయి ఉంటాయి: ఒక రోజు పప్పుచారు, ఒక రోజు కందిపప్పు, కూరలు కలిపి ఉడికించే ఒడియా వంటకం దాల్మా. నాన్నగారికి షుగర్ వచ్చాక, పూటకి పిండి పదార్థం ఎన్ని గ్రాములు తింటున్నారో రాసి తెమ్మని డైటీషియన్ గారు చెప్పారు. ఫోన్‌లో యాప్‌లు చూశాను. దాల్మా అని వెతికితే ఒక అంకె వస్తుంది, కానీ అది ఎవరింటి దాల్మాయో తెలియదు. మేము వేసే కొబ్బరి ఎంత, నెయ్యి ఎంత అన్నది ఆ అంకెకి తెలిసే దారి లేదు. అందుకని గూగుల్ షీట్స్‌లో సొంతంగా ఒక షీట్ కట్టుకున్నాను. తరవాత గుణుపురంలో ఉన్న పిన్ని, పర్లాకిమిడిలో వదిన, బరంపురంలో చదువుకుంటున్న తమ్ముడు దాని నకలు తీసుకున్నారు. అప్పటి నుంచి వాళ్లు అడుగుతున్న ప్రశ్నలే ఇవి.

అసలు లెక్క ఏమిటి? ఫార్ములా లేకుండా చెప్పు.

ఏ పోషక పట్టిక చూసినా, ఏ ప్యాకెట్ వెనక చూసినా విలువలు 100 గ్రాములకి ఉంటాయి. కందిపప్పు 100 గ్రాముల్లో ప్రోటీన్ 21.7 గ్రాములు అంటే, మనం వేసిన 200 గ్రాముల్లో 43.4 గ్రాములు. వేసిన బరువుని పట్టిక విలువతో గుణించి 100తో భాగిస్తే చాలు. ఇలా ప్రతి దినుసుకీ చేసి కూడితే వంటకం మొత్తం వస్తుంది. ప్రోటీన్‌కి ఒకసారి, పిండి పదార్థానికి ఒకసారి, కొవ్వుకి ఒకసారి, కేలరీలకి ఒకసారి.

ఈ లెక్క ఐదో తరగతి పిల్లాడు చేస్తాడు. షీట్‌లో కష్టమంతా వేరేచోట ఉంది. ఏదో ఒక దినుసు లెక్కలోకి రాకుండా జారిపోతుంది, షీట్ మాత్రం ఏమీ అనకుండా ఒక అంకె చూపించేస్తుంది. కింద రాసిన దాంట్లో సగం దాని గురించే.

షీట్‌లో ఏవి ఎక్కడ పెట్టాలి?

రెండు పేజీలు. మొదటి దాని పేరు `Foods`. అందులో A వరసలో దినుసు పేరు, B లో కిలో కేలరీలు, C లో ప్రోటీన్, D లో పిండి పదార్థం, E లో కొవ్వు, అన్నీ 100 గ్రాములకి. ఇది ఒక్కసారి నింపుకుంటే చాలు, కొత్త దినుసు వచ్చినప్పుడు ఒక అడ్డువరస చేర్చుకుంటారు.

రెండోది వంటకం పేజీ. A వరసలో దినుసు, B లో గ్రాములు, C లో తనిఖీ. మొత్తాలు పక్కన E2 నుంచి H2 వరకు. వంటకానికి ఒక పేజీ చొప్పున, ఇదే పేజీని నకలు తీసుకుంటూ పోవచ్చు.

మా దాల్మాకి `Foods` లో ఉన్న విలువలు, కేలరీలు, ప్రోటీన్, పిండి పదార్థం, కొవ్వు ఈ వరసలో:

```
కందిపప్పు        343   21.7   62.8    1.5
గుమ్మడికాయ       26    1.0    6.5    0.1
వంకాయ            25    1.0    5.9    0.2
బంగాళాదుంప      77    2.0   17.5    0.1
పచ్చి కొబ్బరి    354    3.3   15.2   33.5
నెయ్యి           876    0.3    0     99.5
```

వంటకం పేజీలో వేసిన బరువులు: కందిపప్పు 200, గుమ్మడికాయ 150, వంకాయ 100, బంగాళాదుంప 150, పచ్చి కొబ్బరి 30, నెయ్యి 15. నలుగురికి సరిపోతుంది.

ఫార్ములా ఇవ్వు అక్కా, కాపీ చేసుకుంటాను.

E2 గడిలో ఇది:

```
=SUMPRODUCT($B$2:$B$20,
  SUMIF(Foods!$A$2:$A$200, $A$2:$A$20,
        Foods!B$2:B$200))/100
```

లోపలి నుంచి చదవండి. `SUMIF` వంటకంలోని ఒక్కో పేరునీ తీసుకుని `Foods` లో వెతికి, దాని ఎదురుగా ఉన్న కేలరీల విలువ తెస్తుంది. పేరు ఒక్కటి ఇస్తే విలువ ఒక్కటి వస్తుంది, ఇక్కడ పంతొమ్మిది గడులు ఇచ్చాం కాబట్టి పంతొమ్మిది విలువలు ఒక వరసగా వస్తాయి. బయటి `SUMPRODUCT` ఆ వరసని గ్రాముల వరసతో జతజతగా గుణించి అన్నీ కూడుతుంది. చివర 100తో భాగహారం. గూగుల్ షీట్స్‌లో, ఎక్సెల్‌లో ఇదే రాత పనిచేస్తుంది.

డాలర్ గుర్తులు ఎక్కడ ఉన్నాయో చూడండి. గ్రాముల వరసకీ, పేర్ల వరసకీ అక్షరం ముందు డాలర్ ఉంది, కాబట్టి ఫార్ములాని పక్కకి లాగినా అవి కదలవు. `Foods!B$2:B$200` లో అక్షరం ముందు డాలర్ లేదు, కావాలనే. E2 ని పట్టుకుని H2 దాకా లాగితే B కాస్తా C, D, E అవుతుంది. అంటే కేలరీల పక్కన ప్రోటీన్, దాని పక్కన పిండి పదార్థం, ఆఖర్న కొవ్వు. నాలుగు ఫార్ములాలు రాయక్కర్లేదు.

దినుసులు ఆరే ఉంటే 20వ గడి దాకా ఎందుకంటారేమో. 7వ గడితో ఆపేస్తే, రేపు మునగకాడలు 8వ వరసలో రాస్తారు. ఫార్ములా దాన్ని చూడదు. ఖాళీ గడులు సున్నాగానే లెక్కకొస్తాయి, వాటివల్ల నష్టం లేదు.

సరిగ్గా వచ్చిందని ఎలా తెలుస్తుంది?

రెండు పరీక్షలు చేయండి. ముందు వంటకం పేజీలో ఒక్క కందిపప్పు రాసి, బరువు 100 పెట్టండి. E2 నుంచి H2 వరకు 343, 21.7, 62.8, 1.5 అచ్చంగా రావాలి. రాకపోతే వరసలు అటూ ఇటూ అయ్యాయి.

తరవాత మొత్తం దాల్మా రాసి, ఒక్క ప్రోటీన్ మాత్రం చేత్తో కూడి చూడండి. కందిపప్పు 43.4, గుమ్మడికాయ 1.5, వంకాయ 1.0, బంగాళాదుంప 3.0, కొబ్బరి 0.99, నెయ్యి 0.045. మొత్తం 49.9. షీట్ కూడా అదే చెప్పాలి. మిగతావి నాకు 1103 కిలో కేలరీలు, పిండి పదార్థం 172, కొవ్వు 28.5 వచ్చాయి. మీకూ ఇవే వస్తే ఫార్ములా బాగున్నట్టే.

వదిన చేసిన షీట్‌లో నలుగురి దాల్మాలో ప్రోటీన్ ఆరున్నర గ్రాములే అంది. ఎందుకలా?

ఇది నిజంగా జరిగింది. నా వైపు తప్పు కూడా ఉంది, ఎందుకంటే అప్పటికి తనిఖీ వరస నేను పెట్టలేదు. వదిన కందిపప్పు ఎదురుగా `200` అని కాక `200 గ్రా` అని టైప్ చేసింది. మనిషికి రెండూ ఒకటే. షీట్‌కి రెండోది అంకె కాదు, మాట. `SUMPRODUCT` లో వరసల మధ్య కామా ఉన్నప్పుడు మాట కనిపిస్తే దాన్ని సున్నా కింద కట్టేస్తుంది. ఎర్రగా ఏమీ రాదు. పప్పు మొత్తం లెక్కలోంచి పోయింది, మిగిలిన కూరల ప్రోటీన్ 6.5 గ్రాములు, కేలరీలు 417 చూపించింది. వంటకం పేరులోనే పప్పు ఉంది కాబట్టి ఆ అంకె చూసి మేం ఉలిక్కిపడ్డాం. అదే బంగాళాదుంప జారిపోయి ఉంటే ఎవరికీ అనుమానం వచ్చేది కాదు, నాన్నగారి పిండి పదార్థం లెక్క తప్పుగానే వెళ్లిపోయేది.

గడిలో అంకె కుడివైపుకి ఆనుకుని ఉంటే అది అంకె, ఎడమవైపుకి ఉంటే మాట. మీరు అమరిక మార్చి ఉండకపోతే ఈ గుర్తు చాలు. పక్కన గ్రా అని కనబడాలని ఉంటే అంకె మాత్రమే టైప్ చేసి, Custom number format లో ఇది ఇవ్వండి:

```
0" గ్రా"
```

కంటికి `200 గ్రా` కనిపిస్తుంది, లోపల 200 ఉంటుంది.

`Foods` లో లేని దినుసు రాస్తే?

అదీ సున్నాయే. `SUMIF` కి పేరు దొరక్కపోతే నోరు విప్పదు. దీనికి వ్యతిరేకం ఇంకోటి ఉంది. `Foods` లో ఒకే పేరు రెండుసార్లు ఉంటే రెండు విలువలూ కూడి తెస్తుంది. అంటే వంకాయ రెండు వరసల్లో పడితే వంకాయ కేలరీలు రెట్టింపు.

మా వైపు ఈ ఇబ్బంది తొందరగా వస్తుంది, ఎందుకంటే ఒకే కూరకి రెండు మూడు పేర్లు నోట్లో ఆడుతుంటాయి. అమ్మ గుమ్మడికాయ అంటుంది, సంతలో అమ్మే ఆవిడ కఖారు అంటుంది. వంకాయకి బాయిగణ, కందిపప్పుకి హరడ డాలి, కొబ్బరికి నడియా. పక్కింటి ఒడియా పిన్ని దాల్మా చెబుతుంటే నేను విన్నది విన్నట్టు కఖారు అని రాసేశాను. `Foods` లో గుమ్మడికాయ మాత్రమే ఉంది. అది సున్నా అయిపోయింది.

అందుకే ఇప్పుడు C వరసలో ప్రతి దినుసు పక్కనా ఒక తనిఖీ ఉంటుంది. C2 లో ఇది రాసి C20 దాకా కిందికి లాగండి:

```
=IF(A2="","",
  IF(COUNTIF(Foods!$A$2:$A$200,A2)<>1,"పేరు చూడు",
  IF(ISNUMBER(B2),"సరే","బరువు చూడు")))
```

పేరు `Foods` లో సరిగ్గా ఒక్కసారే ఉండాలి. లేకపోయినా, రెండుసార్లున్నా పేరు చూడు అంటుంది. పేరు బాగుండి గ్రాముల గడిలో అంకె లేకపోతే బరువు చూడు అంటుంది. ఇక మొత్తం గడి కూడా ఈ తనిఖీ మాట వినాలి, అప్పుడే పని పూర్తవుతుంది. E2 ని ఇలా మార్చి మళ్లీ H2 దాకా లాగండి:

```
=IF(COUNTIF($C$2:$C$20,"*చూడు")>0,"ఆగు",
  SUMPRODUCT($B$2:$B$20,
    SUMIF(Foods!$A$2:$A$200,$A$2:$A$20,
          Foods!B$2:B$200))/100)
```

ఒక్క దినుసులో లోపం ఉన్నా మొత్తం స్థానంలో ఆగు అని వస్తుంది. తప్పు అంకె కంటే అంకె లేకపోవడం మేలని నా గట్టి అభిప్రాయం. ఈ లెక్క చూసి ఒకరు అన్నం పెట్టుకుంటున్నారు.

ఈ తనిఖీ పట్టుకోలేనిది ఒకటుంది. `Foods` లో పేరు ఉండి, దాని ఎదురుగా ప్రోటీన్ గడి ఖాళీగా ఉంటే అదీ సున్నాగానే పోతుంది. నిజంగా సున్నా అయితే 0 అని టైప్ చేయండి, తెలియకపోతే ఆ దినుసుని తెలిసేదాకా `Foods` లో పెట్టకండి.

పేరు రెండుచోట్లా ఒకటే కనిపిస్తోంది. అయినా పేరు చూడు అంటోంది!

ఎక్కువసార్లు పేరు చివర ఒక ఖాళీ ఉంటుంది, ఫోన్ కీబోర్డు మాట పూర్తిచేసినప్పుడు పడేది. అది చెరిపేస్తే పోతుంది. చెరిపినా పోకపోతే ఇది తెలుగులో రాసేవాళ్లకే వచ్చే చిక్కు, కొంచెం ఓపిగ్గా చదవండి.

క్యారెట్ అన్న మాట పొల్లుతో ముగుస్తుంది. కొన్ని కీబోర్డులు పొల్లు తరవాత కంటికి కనబడని ఒక అక్షరం చేరుస్తాయి. పక్క అక్షరంతో కలిసి ఒత్తుగా మారిపోకుండా ఆపేందుకు అది ఉంది. బీట్‌రూట్ లాంటి మాటల మధ్యలో దాని అవసరం నిజంగానే ఉంది. మాట చివర ఉంటే మాత్రం దాని ఉనికే తెలియదు. కంప్యూటర్లో టైప్ చేసిన క్యారెట్‌లో అది లేదు, తమ్ముడు ఫోన్‌లో టైప్ చేసిన దాంట్లో ఉంది. రెండూ తెర మీద అచ్చం ఒకటే.

పట్టుకోవడం తేలిక. రెండు పేజీల్లోనూ ఆ పేరు పక్కన పొడవు అడగండి:

```
=LEN(A5)
```

క్యారెట్‌కి మామూలుగా 8 వస్తుంది: క, పొల్లు, య, దీర్ఘం, ర, ఎత్వం, ట, పొల్లు. తమ్ముడి దానికి 9 వచ్చింది. ఆ తొమ్మిదోదే కనబడని అక్షరం. దాన్ని తీసేసిన పేరు కావాలంటే:

```
=TRIM(SUBSTITUTE(A5,UNICHAR(8204),""))
```

చివర్న ఉన్న ఖాళీలు కూడా దీంతో పోతాయి. వచ్చిన పేరుని విలువగా అతికించండి.

ఇంతకంటే మంచి దారి పేరు టైప్ చేయకుండా ఎంచుకోవడం. వంటకం పేజీలో A2 నుంచి A20 దాకా ఎంచి, Data validation లో `Foods!$A$2:$A$200` ఇస్తే ప్రతి గడిలో జాబితా వస్తుంది. రెండక్షరాలు కొడితే పేరు ముందుకొస్తుంది, వేలితో తాకడమే. ఈ అమరిక కంప్యూటర్ మీద ఒకసారి చేసి పెడితే తరవాత వంటింట్లో ఫోన్‌తో నింపుకోవచ్చు. ఒడియా పేర్లు గుర్తుకోసం కావాలంటే `Foods` లో F వరసలో రాసుకోండి, ఫార్ములా అటువైపు చూడదు.

బరువు ఎప్పుడు తూయాలి, ఉడకకముందా ఉడికాకా?

పట్టికలో ఏది రాసుందో అప్పుడు. పై విలువలన్నీ పచ్చి దినుసులవి. పిన్ని పప్పు కుక్కర్లో ఉడికించి, నీళ్లతో సహా తూచి 620 అని రాసింది. షీట్ దాన్ని 620 గ్రాముల పచ్చి కందిపప్పు అనుకుంది. ప్రోటీన్ ఒక్క పప్పులోనే 134.5 గ్రాములు, కేలరీలు 2127 వచ్చాయి. అసలు అక్కడున్నది 200 గ్రాముల పప్పు, 420 గ్రాముల నీళ్లు. తనిఖీ వరసకి ఇది దొరకదు, పేరూ ఉంది, అంకె కూడా ఉంది. మనమే చూసుకోవాలి.

ఇంకో సంగతి, పట్టిక విలువలు తినే భాగానికి. గుమ్మడికాయ తొక్క, గింజలు తీశాక తూయండి. వంకాయకి తొడిమ కోశాక. కొబ్బరికి చిప్పలోంచి తీసిన ముక్క.

మరి నేను తినే గిన్నెడు దాల్మాకి ఎంత?

ఇందుకు ఉడికిన బరువు కావాలి. ఉడికినప్పుడు నీళ్లు చేరతాయి, ఆవిరవుతాయి. ప్రోటీన్, పిండి పదార్థం, కొవ్వు మాత్రం గిన్నెలో వేసినవి గిన్నెలోనే ఉంటాయి. అందుకని మొత్తాన్ని పచ్చి బరువులతో కట్టి, పంపకాన్ని ఉడికిన బరువుతో చేయాలి.

మా దాల్మా గిన్నె ఖాళీగా 740 గ్రాములు. ఆ అంకెని అడుగున పర్మనెంట్ మార్కర్‌తో రాసి పెట్టాను, అరిగిపోతే మళ్లీ రాస్తాను. ఉడికి, పంచ ఫుటణ తాలింపు పడి, దింపాక గిన్నెతో సహా 2340 వచ్చింది. అంటే దాల్మా 1600 గ్రాములు. ఇది B22 లో రాయండి. నాన్నగారి గిన్నెలో పట్టేది 200 గ్రాములు, అది B23 లో. ఇప్పుడు E3 లో 100 గ్రాముల దాల్మాకి, E4 లో ఆయన గిన్నెకి:

```
=E2/$B$22*100
=E3*$B$23/100
```

రెండింటినీ H దాకా లాగండి. గిన్నెకి 138 కిలో కేలరీలు, ప్రోటీన్ 6.2, పిండి పదార్థం 21.5, కొవ్వు 3.6.

మర్నాడు అమ్మ అదే కొలతలతో కొంచెం పల్చగా చేసింది, 1900 గ్రాములు తూగింది. అదే 200 గ్రాముల గిన్నెలో పిండి పదార్థం 18.1కి దిగింది. దినుసులు మారలేదు, నీళ్లే మారాయి. కాబట్టి ఉడికిన బరువు ప్రతిసారీ తూయాల్సిందే, పోయిన వారం అంకె పనికిరాదు. నీళ్లని దినుసుగా రాయక్కర్లేదు, ఉప్పు కూడా అంతే. తాలింపు గింజలు రెండు మూడు గ్రాములు, నేను వదిలేస్తాను. నెయ్యి, నూనె మాత్రం ఎప్పుడూ వదలకండి. పై దాల్మాలో 15 గ్రాముల నెయ్యి బరువులో వంకాయకి ఆరో వంతు కూడా లేదు, కేలరీల్లో 131 దానివే, వంకాయవి 25.

నూనె చెంచాతో పోస్తాం కదా?

డబ్బాని పోయకముందు, పోశాక తూయండి. తేడాయే మీరు పోసింది. మిల్లీలీటర్లలో కొలిస్తే 0.92తో గుణించి గ్రాములు రాయండి, నూనె నీళ్లకంటే తేలిక. బరా, గారెల్లాంటివి వేయించినప్పుడు మూకుడులో మిగిలిన నూనె చల్లారాక తూచి, ముందున్న బరువులోంచి తీసేస్తే పీల్చుకున్నది దాదాపుగా తెలుస్తుంది.

`Foods` లోకి విలువలు ఎక్కడి నుంచి తేవాలి? రెండుచోట్ల రెండు రకాలుగా ఉన్నాయి.

ప్యాకెట్ ఉన్న సరుకైతే ప్యాకెట్ మీదవి రాసుకోండి, కానీ 100 గ్రాములకి ఉన్న వరస చూసి. పక్కనే ఒక సర్వింగ్‌కి ఇచ్చే అంకెలు వేరు. విడి సరుకులకి రెండు పెద్ద పట్టికలున్నాయి. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో తెచ్చిన భారతీయ ఆహార పదార్థాల పట్టిక ఒకటి, అమెరికా వ్యవసాయ శాఖది ఇంకోటి. ఈ పేజీలో నేను వాడింది రెండోది. రెండూ మంచివే, ఒకే షీట్‌లో కలపడమే మంచిది కాదు. కారణం కందిపప్పుతోనే చెబుతాను.

అమెరికా పట్టికలో కందిపప్పు పిండి పదార్థం 62.8, హైదరాబాద్ పట్టికలో 55.2. ఇద్దరిలో ఎవరూ తప్పు చెప్పలేదు. అమెరికా పట్టిక పీచుని కూడా పిండి పదార్థంలో కలిపి చూపిస్తుంది. మన పట్టిక పీచుని విడిగా, సుమారు 9 గ్రాములుగా చూపించి, మిగిలిందే పిండి పదార్థం అంటుంది. పప్పు ఒక పట్టిక నుంచి, కూరలు ఇంకో పట్టిక నుంచి తెస్తే మొత్తంలో పీచు సగం ఉంటుంది, సగం ఉండదు. షుగర్ లెక్క కోసమైతే మీ డైటీషియన్ గారు పీచు కలిపి అడుగుతున్నారా, తీసేసి అడుగుతున్నారా కనుక్కుని, దానికి తగ్గ పట్టిక ఒక్కటే పట్టుకోండి.

హైదరాబాద్ పట్టిక వాడేవాళ్లకి ఇంకో జాగ్రత్త. అందులో శక్తి కిలో జౌల్స్‌లో ఉంటుంది. కందిపప్పు ఎదురుగా 1384 కనిపిస్తుంది. దాన్ని 4.184తో భాగిస్తే 331 కిలో కేలరీలు. భాగించకుండా ఎక్కిస్తే 200 గ్రాముల పప్పుకే 2768 వస్తుంది.

ఇలాంటివి పట్టుకోవడానికి `Foods` లో G వరసలో ఇది ఉంచుకోండి:

```
=B2/(4*C2+4*D2+9*E2)
```

ప్రోటీన్, పిండి పదార్థం గ్రాముకి 4 కేలరీలు, కొవ్వు 9 చొప్పున కట్టి, రాసిన కేలరీలతో పోల్చడమే ఇది. ధాన్యాలకి, పప్పులకి, నూనెలకి 1 దగ్గర్లో రావాలి. 4 దాటితే కిలో జౌల్స్ వచ్చి పడ్డాయి. ఆకుకూరలకి, పీచు ఎక్కువున్న కూరలకి 0.75 దాకా దిగినా కంగారుపడకండి, పీచు గ్రాముకి 4 కేలరీలు ఇవ్వదు. మా దాల్మా మొత్తానికి కూడా ఇలా కడితే 1144 వస్తుంది, షీట్ చెప్పింది 1103. ఆ నలభై తేడాకి కంగారుపడక్కర్లేదు.

`VLOOKUP` వాడకూడదా? కాలేజీలో అదే నేర్పారు.

వాడొచ్చు తమ్ముడూ. ఒక్కో దినుసు ఎదురుగా దాని ప్రోటీన్ ఎంతో విడిగా కనబడాలంటే అదే బాగుంటుంది:

```
=$B2/100*VLOOKUP($A2,Foods!$A$2:$E$200,3,FALSE)
```

పేరు దొరక్కపోతే `#N/A` అని అరుస్తుంది, అది దాని గొప్ప గుణం. చివరి `FALSE` మర్చిపోతే మాత్రం దగ్గరగా ఉన్న ఏదో పేరు విలువ తెచ్చిపెడుతుంది. మధ్యలో 3 అంటే మూడో వరస, `Foods` లో మీరు మధ్యన కొత్త వరస చేర్చినా ఆ 3 అలాగే ఉండిపోతుంది. మొత్తం ఒక్కటే కావాల్సినప్పుడు అన్ని అదనపు వరసలు నాకు బరువనిపించి `SUMPRODUCT` పట్టుకున్నాను.

ఒక వంటకం ఇంకో వంటకంలో దినుసైతే?

ఉడికిన 100 గ్రాముల విలువలు, అంటే E3 నుంచి H3 వరకు ఉన్నవి, `Foods` లో దాల్మా (వండినది) అన్న పేరుతో విలువలుగా అతికించండి. అప్పుడు రాత్రి భోజనం పేజీలో అన్నం, దాల్మా, పెరుగు దినుసులవుతాయి. చోడి అంబలికి నేను ఇదే చేస్తాను. పేరులో వండినది అని తప్పకుండా ఉండాలి, లేకపోతే పిన్ని పప్పు కథ మళ్లీ మొదలు.

పాయింటు తరవాత ఎన్ని అంకెలు ఉంచాలి?

ఫార్ములా లోపల `ROUND` పెట్టకండి, కొబ్బరి 0.99, నెయ్యి 0.045 లాంటివి చిన్నచిన్నగా పోతాయి. గడి రూపంలో మాత్రం గ్రాములకి ఒక అంకె, కేలరీలకి ఏమీ లేకుండా పెట్టుకోండి. మన సంతలో కొన్న గుమ్మడికాయ పట్టికలో పరీక్షించిన గుమ్మడికాయ కాదు, ముదిరింది వేరు, లేతది వేరు. నాన్నగారి పుస్తకంలో నేను 21.5 అని కూడా రాయను, 21 నుంచి 22 మధ్య అని రాస్తాను. డైటీషియన్ గారికి అది సరిపోతోంది.